11 శాతమా, 13 శాతమా: బీటా చూస్తే ఏ షేరు మేలు?

రెండు షేర్లూ ఇవాళ 100 రూపాయలే అనుకుందాం. సబ్బులు, బిస్కెట్లు అమ్మే కంపెనీ షేరు ఏడాదికి డివిడెండుతో కలిపి 111 అవుతుందని అంచనా, బీటా, అంటే మార్కెట్ కదిలితే షేరు ఎంతగా కదులుతుందో చెప్పే అంకె, 0.6. స్టీల్ కంపెనీ షేరు 113 అవుతుందని అంచనా, బీటా 1.4. చాలామంది చేయి స్టీల్ మీదికే పోతుంది.

ప్రభుత్వ బాండ్ల మీద 7 శాతం, మార్కెట్ మొత్తం మీద 12 శాతం రాబడి ఉంటే, రిస్క్ ప్రీమియం, అంటే రిస్క్ తీసుకున్నందుకు వచ్చే అదనపు రాబడి, 5 శాతం. షేరు నుంచి మనకి కావాల్సిన రాబడి Re, బాండ్ల రాబడి Rf, మార్కెట్ రాబడి Rm, బీటా β అనుకుంటే:

`Re = Rf + β × (Rm − Rf)`

సబ్బుల కంపెనీకి 7 + 0.6 × 5 = 10 శాతం కావాలి, 11 వస్తోంది. స్టీల్‌కి 7 + 1.4 × 5 = 14 కావాలి, 13 మాత్రమే వస్తోంది. ధరల్లో చూస్తే ఇంకా స్పష్టం: 111 ÷ 1.10 అంటే దాదాపు 100.91, షేరు చవకే. 113 ÷ 1.14 అంటే 99.12, స్టీల్‌కి మనం ఎక్కువ పెడుతున్నాం. నేనైతే మొదటిదే కొంటాను.

పరీక్షల్లో తరచూ జరిగే తప్పొకటి: బీటాని 5తో కాక 12తో గుణించడం. అప్పుడు స్టీల్‌కి 23.8 శాతం వస్తుంది. బీటా 1 పెట్టి చూడండి, సరిగ్గా మార్కెట్ రాబడి 12 రాకపోతే లెక్క తప్పినట్టే.

అయితే ఇక్కడ తేడా ఒక్క శాతమే. బీటా పాత ధరల నుంచి తీసిన అంచనా కాబట్టి, స్టీల్ బీటా నిజానికి 1.2 అయితే కావాల్సింది 13 శాతమే, అప్పుడు దాని ధర సరిగ్గానే ఉన్నట్టు.