న్యూటన్ పద్ధతితో ఆర్డర్ సైజు లెక్క: ఏళ్లుగా వాడుతున్నవాడి సమీక్ష

గోదాము సరుకు లెక్కలు చూడటం నా పని. ఒక్కో సరుకు ఒకసారికి ఎంత తెప్పిస్తే ఏడాది ఖర్చు కనిష్ఠమవుతుందో తేల్చాలి. దానికి ఏళ్లుగా న్యూటన్ పద్ధతినే వాడుతున్నాను. ఇప్పటికీ నా మొదటి ఎంపిక అదే, కానీ ఎక్కడి నుంచి మొదలుపెడుతున్నామో చూసుకోకుండా దాని జవాబును నమ్మను.

పద్ధతి చిన్నదే. ఇప్పుడున్న చోట ఖర్చు వక్రానికి వాలు ఎంత, వంపు ఎంత అని చూస్తాం. అంటే మొదటి డెరివేటివ్, రెండో డెరివేటివ్. మొదటిదాన్ని రెండోదానితో భాగించి, వచ్చినంత వెనక్కి జరుగుతాం. అక్కడ మళ్లీ అదే పని.

ఏడాదికి 1000 పెట్టెలు అమ్ముడయ్యే సరుకు తీసుకుందాం. ఒక్కో ఆర్డర్‌కి 500 రూపాయల ఖర్చు, ఒక పెట్టెను ఏడాది నిల్వ ఉంచడానికి 100 రూపాయలు. సగటున ఆర్డర్‌లో సగం సరుకు గోదాములో ఉంటుంది కాబట్టి, ఆర్డర్ సైజు q అయితే ఏడాది ఖర్చు 500000/q + 50q. దీనికి 1913లో ఫోర్డ్ హారిస్ ఇచ్చిన సూత్రం ఉంది, జవాబు సరిగ్గా 100. నిజం లెక్కల్లో పాడైపోయే సరుకు, అదనపు గోదాము అద్దె వంటివి చేరాక ఆ సూత్రం సరిపోదు, అప్పుడే న్యూటన్ కావాలి. కానీ పద్ధతి గుణం తెలుసుకోవడానికి జవాబు ముందే తెలిసిన ఈ లెక్కే మంచిది.

```python
q = 80.0
for i in range(4):
    d1 = 50 - 500000/q**2
    d2 = 1000000/q**3
    q = q - d1/d2
    print(q)
```

80 నుంచి మొదలుపెడితే 94.4 వస్తుంది, తర్వాత 99.54, ఆపైన 99.9968, నాలుగో అడుగులో 99.99999985. తేడా 20 నుంచి 5.6కి, 0.46కి, 0.0032కి పడిపోయి చివరికి కంటికి ఆననంత అయిపోయింది. జవాబు దగ్గరకు చేరాక ప్రతి అడుగుకీ సరైన అంకెలు దాదాపు రెట్టింపవుతాయి. ఇంత వేగం చూశాక జవాబు ఉండే పరిధిని ముక్కలు చేసుకుంటూ వెతికే పద్ధతుల మీద ఓపిక ఉండదు.

ఇప్పుడు మొదటి వరుసలో 80 తీసి 180 పెట్టండి. పెద్ద తేడా కాదు కదా అనిపిస్తుంది. కానీ అక్కడ వక్రం దాదాపు సరళరేఖలా ఉంది: వాలు 34.57, వంపు 0.17 మాత్రమే. భాగిస్తే అడుగు 201.6, అంటే q ఏకంగా -21.6కి పోతుంది. మైనస్ పెట్టెలు ఎవరూ తెప్పించరు, కానీ ప్రోగ్రామ్‌కి ఆ సంగతి తెలియదు. అక్కడి నుంచి నిదానంగా నడిచి -100 దగ్గర స్థిరపడుతుంది. వాలు సున్నా, అంకెలు కదలడం లేదు, అన్నీ సవ్యంగానే కనిపిస్తాయి. రెండో డెరివేటివ్ చూస్తే మాత్రం -1. అది కనిష్ఠం కాదు, అటువైపున్న గరిష్ఠం. నాకు ఎక్కువ భయం ఇదే. 250తో మొదలుపెడితే -406, తర్వాత 2743, తర్వాత మైనస్ పది లక్షలు దాటుతుంది. అలా పేలిపోయే లెక్కను ఎవరైనా పట్టేస్తారు.

తక్కువ వైపు నుంచి వస్తే ప్రమాదం లేదు, ఆలస్యమే. 10 నుంచి మొదలుపెడితే 15, 22, 33, 47 అంటూ ఒకటిన్నర రెట్ల చొప్పున ఎక్కుతుంది. సందేహం ఉంటే చిన్న సంఖ్యతో మొదలుపెట్టమని కొత్తవాళ్లకు చెప్పేది అందుకే, కానీ ఆ సలహా ఈ ఆకారపు ఖర్చుకే పనికొస్తుంది.

నేను స్థిరపడిన మార్గం వేరు. q బదులు దాని లాగరిథమ్‌ను చలరాశిగా తీసుకుని అదే న్యూటన్ నడుపుతాను. q మైనస్‌లోకి పోయే దారే ఉండదు. ఈ ఖర్చుకు ఒక్క అడుగులో q 2.72 రెట్లకు మించి పెరగదు, తగ్గదు. 250 నుంచి 121.2, 100.23, 100.0000004: మూడే అడుగులు. ఇక్కడ ఏ ధన సంఖ్య నుంచి మొదలుపెట్టినా జవాబుకే చేరుతుంది. అదనపు ఖర్చులు చేరిన లెక్కల్లో ఆ హామీ లేదు కాబట్టి రెండు కాపలాలు పెడతాను. రెండో డెరివేటివ్ ధనంగా లేకపోతే అడుగు వేయను. వేసిన అడుగుతో ఖర్చు తగ్గకపోతే దాన్ని సగం చేసి మళ్లీ చూస్తాను.

ఎక్కువ కొంటే ధర తగ్గే స్లాబులు ఉన్న సరుకుకు మాత్రం దీన్ని నేరుగా వాడకండి. స్లాబు మారేచోట ఖర్చు ఒక్కసారిగా కిందికి దూకుతుంది, అక్కడ డెరివేటివే లేదు. ఒక్కో స్లాబు లోపల విడిగా కనిష్ఠం కట్టి, ప్రతి స్లాబు మొదలయ్యే పరిమాణం దగ్గర కూడా ఖర్చు లెక్కేసి, అన్నిటిలో తక్కువదాన్ని ఎంచుకోవాలి.