జాతర ఫొటోలో పక్కవాళ్ల ముఖాలు: మసకా, గళ్లా, ముద్దరంగా? ఏది మేలు?

2024 ఫిబ్రవరిలో మేడారం జాతరకు వెళ్లినప్పుడు జంపన్న వాగు ఒడ్డున తీసిన ఫొటో ఒకటి నా దగ్గర ఉంది. వాగులో నిలువెత్తు బెల్లం మోసుకుంటూ వెళ్తున్న ఒక ముసలాయన దాని అసలు విషయం. ఆయనను అడిగే తీశాను. కానీ ఆయన చుట్టూ ఇరవై మందికి పైగా ఉన్నారు. తడిబట్టలతో స్నానం చేసి ఒడ్డుకెక్కుతున్న ఆడవాళ్లు, చంకన పిల్లలు. వాళ్లను నేను అడగలేదు, అడిగే వీలూ లేదు. ఫొటో పత్రికకు ఇవ్వాలంటే ఆ ముఖాలు పోవాలి, మళ్లీ ఎవరూ తెచ్చుకోలేనంతగా పోవాలి.

మొదట మామూలు మసక, అంటే బ్లర్, వేశాను. ఫొటో 6000 పిక్సెళ్ల వెడల్పుది. ముందు వరుసలో ఉన్న ఒకావిడ ముఖం దాదాపు 240 పిక్సెళ్ల వెడల్పు ఉంది. వెనక వరుసలో ఉన్నవాళ్ల ముఖాలు 25 పిక్సెళ్లు కూడా లేవు. నేను గాసియన్ బ్లర్‌ను 6 పిక్సెళ్లకు పెట్టి అందరికీ ఒకేలా వేశాను. చూస్తే అందరూ మసకగానే కనిపించారు. పొరపాటు అక్కడే జరిగింది. వెనక వరుసకు ఆ 6 ముఖంలో నాలుగో వంతు, అంటే కళ్లూ ముక్కూ పోయేంత. ముందావిడకు అది ముఖంలో నలభయ్యో వంతే.

నలభయ్యో వంతు మసక ఏం చేస్తుందో కాస్త లెక్క చూద్దాం. మనిషిని గుర్తుపట్టడానికి కావలసిన కంటి మూలలు, ముక్కు అంచు, పెదవుల గీత వంటి వివరాలు ముఖం వెడల్పులో ఎనిమిది సార్లు వెలుగు-నీడ మారినంత సన్ననివి. ముఖంలో నలభయ్యో వంతు గాసియన్ మసక వేస్తే ఆ సన్నని మార్పుల బలం 45 శాతానికి తగ్గుతుంది, అంతే. సగానికి తగ్గినదాన్ని రెట్టింపు చేస్తే తిరిగొస్తుంది. ఏ మసక ఎంత వేశారో ఊహించి వెనక్కు నడిపే ప్రోగ్రాములు ఎప్పటినుంచో ఉన్నాయి, కదిలిపోయిన ఫొటోలను బాగుచేసేది ఆ పద్ధతే. కాబట్టి నా మొదటి ఫొటోలో ముందావిడ ముఖాన్ని నేను దాచలేదు, పల్చటి తెర వేశాను.

అదే మసకను ముఖంలో పదో వంతుకు, అంటే 24 పిక్సెళ్లకు పెంచితే ఆ వివరాల బలం పది లక్షల్లో మూడు వంతులకు పడిపోతుంది. ఫొటోలో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి. పది లక్షల్లో మూడు అంటే ఒక మెట్టులో వెయ్యో వంతు కూడా కాదు, అంకె గుండ్రం చేసేటప్పుడే అది సున్నా అయిపోతుంది. వెనక్కు రప్పించలేకపోవడం అంటే ఇదీ: సమాచారం చెరిగిపోవాలి, అస్పష్టంగా కనిపిస్తే చాలదు.

ఈ తేడా తెలియక పట్టుబడిన కేసు ఒకటి అందరికీ తెలిసిందే. పిల్లలపై అఘాయిత్యాల ఫొటోల్లో తన ముఖాన్ని సుడిగుండంలా తిప్పి దాచుకున్న ఒకడిని, జర్మన్ పోలీసులు ఆ సుడిని వెనక్కు తిప్పి బయటపెట్టారు. 2007లో ఇంటర్‌పోల్ ఆ ముఖాన్ని ప్రపంచానికి చూపించింది, కొద్ది రోజుల్లోనే థాయ్‌లాండ్‌లో దొరికాడు. సుడి పిక్సెళ్లను చెరపదు, చోటు మారుస్తుంది. వాడు దొరకడం మంచిదే. కానీ వాగు ఒడ్డున ఉన్న ఆవిడ ముఖానికి అలాంటి దాపరికం పనికిరాదు.

సరే, మసక పెంచితే చాలుగా అనిపిస్తుంది. చాలదు. ముఖంలో పదో వంతు మసకలో కళ్లూ పెదవులూ పోతాయి గానీ తల ఆకారం, జుట్టు ఎక్కడ ఆగుతుంది, బుగ్గలెంత వెడల్పు వంటి పెద్ద వెలుగునీడలు 45 శాతం బలంతో మిగులుతాయి. వాటినీ చెరపాలంటే ముఖంలో మూడో వంతు, అంటే ఆవిడకు 80 పిక్సెళ్ల మసక కావాలి. అంత వేస్తే పక్కనున్న నీళ్లూ బట్టలూ ముఖంలోకి పాకి అంతా ఒకే మరకలా అవుతుంది. మసకను వాడేటప్పుడు అడగాల్సింది ఎన్ని పిక్సెళ్లని కాదు, ముఖంలో ఎన్నో వంతని. జనం ఫొటోలో ప్రతి ముఖానికీ విడిగా అడగాలి.

తర్వాత గళ్లు ప్రయత్నించాను. టీవీ వార్తల్లో చూస్తామే, ముఖాన్ని చిన్న చిన్న చతురస్రాలుగా ముక్కలు చేసి, ఒక్కో గడికి దాని సగటు రంగు పూయడం. గడిలో వందల పిక్సెళ్లు ఒకే రంగైపోతాయి కాబట్టి దీన్ని లెక్కతో వెనక్కు తిప్పలేం. అందుకే చాలామంది దీన్ని నమ్ముతారు, నేనూ నమ్మాను. ఆవిడ ముఖానికి 15 పిక్సెళ్ల గళ్లు వేశాను, అడ్డంగా 16 గళ్లు వచ్చాయి. కంప్యూటర్ తెర మీద పెద్దదిగా చూస్తే గళ్లు తప్ప ముఖమే కనిపించలేదు.

ఆ ఫొటోను ఫోన్‌లో పెట్టి, మా వీధిలో ఉండే ఒక తమ్ముడికి చూపించాను. వాళ్ల ఊరి నుంచి ప్రతి జాతరకూ ఎడ్లబండి కట్టుకుని మేడారం వచ్చేవాళ్లు ఉన్నారని తెలుసు, అందుకే అడిగాను.

"అన్నా, గిది మా మేనత్త గదా! ఎప్పుడు తీసినవ్?" అన్నాడు.

చిన్న తెర మీద గళ్ల అంచులు కంటికి ఆనవు. అంచులు పోతే మిగిలేది సగటు రంగుల మృదువైన ముఖం. 1973లోనే లియాన్ హార్మన్, బేలా జూలెష్ అనే పరిశోధకులు అబ్రహాం లింకన్ ముఖాన్ని పెద్ద గళ్లుగా చేసి ఇది చూపించారు: దగ్గర్నుంచి చూస్తే గళ్లే, దూరం జరిగినా కళ్లు చికిలించినా లింకన్. అంటే గళ్ల మీద మసక వేస్తే ముఖం మరింత దాగదు, మరింత బయటపడుతుంది. తెలిసిన ముఖమైతే అడ్డంగా 7, నిలువుగా 10 గళ్లంత వివరమే ఉన్నా జనం సగానికి పైగా సార్లు గుర్తుపట్టగలరని తర్వాతి ప్రయోగాల్లో తేలింది. నావి అడ్డంగా 16.

గళ్లకు ఇంకో బలహీనత ఉంది, అది మసకకూ వర్తిస్తుంది. చూసేవాడు ముఖాన్ని వెనక్కు తీసుకురానక్కర్లేదు. అనుమానమున్న పది మంది మామూలు ఫొటోలు తెచ్చి, వాటికీ అవే గళ్లు వేసి, ఏది సరిపోతుందో పోల్చుకుంటే చాలు. గళ్లు పెద్దవి చేసి అడ్డంగా నాలుగు, నిలువుగా ఐదుకు దింపినా ఇరవై రంగు అంకెలు మిగిలే ఉంటాయి. ఊరంతటిలో వెతకడానికి అవి చాలకపోవచ్చు, పది మందిలో ఒకరిని ఎంచడానికి చాలవచ్చు. పైగా ఆ క్షణంలోనే వరుసగా తీసిన నాలుగైదు ఫొటోలకు విడివిడిగా గళ్లు వేసి అన్నీ ప్రచురిస్తే, ఒక్కోదాంట్లో గడి ఒక్కోచోట పడి, అన్నిటినీ కలిపితే వివరాలు తిరిగి పోగవుతాయి.

చివరికి మిగిలింది ముద్దరంగు: ముఖం మీద ఒకే రంగు నిండుగా పూయడం. ఇందులో ముఖం నుంచి వచ్చిన అంకె ఒక్కటీ ఉండదు, కాబట్టి పోల్చడానికీ వెనక్కు తిప్పడానికీ ఏమీ లేదు. దాచడంలో దీనికి మించింది లేదు. అయినా దాన్ని అలాగే ప్రచురించడం నాకు నచ్చలేదు. నల్లరంగు పూసిన ముఖాలు, పోలీసులు ముసుగేసి విలేకరుల ముందు నిలబెట్టిన నిందితుల్లా కనిపించాయి. అమ్మవార్లకు మొక్కు తీర్చుకోవడానికి వచ్చిన మనుషులను అలా చూపించే హక్కు నాకు లేదు.

అందుకే రెంటినీ కలిపాను, కానీ వరుస మార్చకుండా: ముందు ముద్దరంగు, ఆ తర్వాతే మసక. ఫొటోలు దిద్దే జింప్ ప్రోగ్రాములో ముఖం చుట్టూ కోడిగుడ్డు ఆకారంలో ఎంపిక గీశాను. చెవులు, నుదుటి మీది జుట్టు అంచు, గడ్డం, మెడలో నల్లపూసలు అన్నీ లోపలికి వచ్చేలా గీయాలి. అంచు మెత్తబరిచే ఫెదర్ ఆపి ఉంచాలి, లేకపోతే చెవుల దగ్గర అసలు ముఖం సగం సగం మిగులుతుంది. ఆ ఎంపికను లేత గోధుమ బూడిద రంగుతో నింపాను, అందరికీ అదే రంగు. ఒక్కొక్కరి ముఖం నుంచి రంగు తీసుకుంటే వాళ్ల మేనిచాయ బయటపడుతుంది, ఆ కాస్తయినా ఎందుకివ్వాలి? ఆ తర్వాత ఎంపికను కొద్దిగా పెద్దది చేసి, ముఖంలో ఆరో వంతు మసక వేశాను. ఇప్పుడు మసకలో కలిసేది బూడిద రంగూ చుట్టూ ఉన్న నీళ్లూ మాత్రమే, ముఖం అప్పటికే లేదు. చూడ్డానికి మాత్రం ఎండలో మసకబారిన ముఖంలా మృదువుగా ఉంది.

ఫోన్‌లో చేసేవాళ్లకు ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. హైలైటర్ రకం కుంచె చూడ్డానికి నల్లగా ఉన్నా కొంచెం పారదర్శకం. 95 శాతం కప్పినా మిగిలిన 5 శాతంలో పన్నెండు మెట్ల వెలుగునీడలు ఉంటాయి, వెలుతురు పెంచగానే ఆ పన్నెండు మెట్లలోంచి ముఖం లేస్తుంది. పరీక్ష కూడా అదే: పూర్తయిన ఫొటో తెరిచి, వెలుతురు, కాంట్రాస్ట్ చివరిదాకా జరిపి పూసినచోట చూడండి. కళ్ల నీడ కనబడితే మళ్లీ మొదటికి.

ముఖం చెరిగినా ఫైల్‌లో అసలు మిగలవచ్చు. పొరలున్న పీఎస్‌డీ, ఎక్స్‌సీఎఫ్ ఫైళ్లు ఎవరికీ ఇవ్వకూడదు, జేపీజీగా ఎగుమతి చేసిందే ఇవ్వాలి. కెమెరా జేపీజీలో దాచే చిన్న బొమ్మను కొన్ని ఎడిటర్లు మార్చకుండా వదిలేస్తాయి, అందులో ముఖం యథాతథంగా ఉండొచ్చు. ఫైల్‌లో దాగిన సమాచారాన్ని చూపించే exiftool అనే ప్రోగ్రాముతో దాన్ని బయటకు తీసి చూసి, ఆ వెంటనే చెరిపేయవచ్చు:

```
exiftool -b -ThumbnailImage vagu.jpg > chinna.jpg
exiftool -all= vagu.jpg
```

రెండో ఆజ్ఞ పాత ఫైల్‌ను `vagu.jpg_original` పేరుతో పక్కన ఉంచుతుంది, పంపేటప్పుడు అది వెంట పోకుండా చూసుకోవాలి. కత్తిరించడం మీద కూడా గుడ్డి నమ్మకం వద్దు. 2023 మార్చిలో గూగుల్ పిక్సెల్ ఫోన్ల మార్కప్ సాధనంలో బయటపడిన లోపంలో, కత్తిరించిన స్క్రీన్‌షాట్ ఫైల్ చివర పాత బొమ్మ భాగం అలాగే ఉండిపోయేది. దాన్ని తిరిగి లాగగలిగారు.

ఇంత చేసినా బట్టలు, పచ్చబొట్టు, పక్కన నిలబడ్డ మనిషి దగ్గరివాళ్లకు ఆనవాలు ఇస్తాయి. ముద్దరంగు వేసిన ఫొటోను ఆ తమ్ముడికే మళ్లీ చూపించాను. ముఖాల దగ్గర ఆగలేదు గానీ, "ఆ పచ్చ చీర మా అత్తదే అనిపిస్తుందన్నా" అన్నాడు. ఫొటోను నిలువునా కోసి చూశాను. ఎడమ వైపు మూడో వంతు తీసేస్తే ఆవిడ పూర్తిగా పోయింది, బెల్లం మోస్తున్న ముసలాయన ఉన్నాడు, ఆయన వెనక వాగు ఉంది. కోసిన ఫొటోను కొత్త ఫైల్‌గా ఎగుమతి చేసి, అదే పంపాను.