దసరా టర్మ్ చేరికలు: ఎనిమిదేళ్ల పిల్లలకు వయొలినా, కీబోర్డా, ఏది మేలు?

విజయదశమి నుంచి సంక్రాంతి సెలవుల దాకా 12 వారాల కొత్త టర్మ్. వారానికి 2 క్లాసులు, ఒక్కోటి 45 నిమిషాలు. 5–7 ఏళ్ల వాళ్లకు గాత్రం, తాళం మాత్రమే చెబుతాం. 8–11 ఏళ్ల వాళ్లకు వయొలిన్, కీబోర్డు, మృదంగం ఉన్నాయి. 12 దాటితే వీణ కూడా. అందరూ ఎక్కువగా అడిగేది ఈ 8–11 ఏళ్ల వాళ్ల గురించే: వయొలిన్‌లో వేయాలా, కీబోర్డులోనా?

కీబోర్డులో మీట నొక్కగానే సరైన స్వరం పలుకుతుంది. మాయామాళవగౌళ రాగంలో తొలి పాఠాలైన సరళీ వరుసలు మొదటి కాలంలో, అంటే నెమ్మది వేగంలో, వాయించడానికి చాలామంది పిల్లలకు నెల చాలు. ఇంట్లో వినేవాళ్లకూ ఇబ్బంది ఉండదు. చిక్కు ఆ తర్వాతే. స్వరం తప్పే అవకాశమే లేనప్పుడు చెవికి పని ఉండదు. వేళ్లు వరుసను గుర్తుపెట్టుకుంటాయి, పాడమంటే మాత్రం రిషభం జారిపోతుంది. అందుకే మా కీబోర్డు క్లాసులో ప్రతి వరుసనూ ముందు పాడించి, తర్వాతే వాయించనిస్తాం. ఇంకో పరిమితి గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించడం. తోడి రాగంలో గాంధారం ఊగాలి, మామూలు మీట మీద అది ఊగదు. సినిమా పాటలు, పాశ్చాత్య సంగీతం మీద మనసున్న పిల్లలకు ఇది లోటే కాదు. కర్ణాటక సంగీతంలో కృతుల దాకా వెళ్లాలనుకుంటే మాత్రం పెద్ద లోటు.

వయొలిన్ సంగతి తలకిందులు. వీణకున్నట్టు మెట్లు ఉండవు కాబట్టి వేలు ఒక్క పిసరు జరిగినా అపస్వరమే. మొదటి రెండు నెలలు ఇంట్లో గరగర తప్పదు. ఆ గరగర ఎక్కడిదో తెలిస్తే కంగారు ఉండదు. కమానును అదిమి పట్టి నెమ్మదిగా లాగితే గీరినట్టు వస్తుంది. కమాను, తీగలను ఎత్తి పట్టే బ్రిడ్జికి సమాంతరంగా ఉండక వేళ్ల పలక మీదికి జారితే గాలిపోయినట్టు వస్తుంది. అసలు శబ్దమే రాకపోతే, కొత్త కమానుకు రోజిన్ అనే బంక బిళ్ల రుద్దలేదని అర్థం. వాయిద్యం పాడైందనుకుని వెనక్కి తెచ్చేవాళ్లలో చాలామందికి తేలేది ఇదే. ఈ రెండు నెలలూ ఓర్చుకున్న పిల్లల చెవి మాత్రం గట్టిపడుతుంది, గమకానికీ అడ్డు ఉండదు.

సైజు కూడా చూడాలి. ఎడమచేయి చాపితే వయొలిన్ తల అరచేతిలోకి వచ్చి, వేళ్లు దాని చుట్టూ ముడుచుకోవాలి. చేయి నిటారుగా సాగితే గానీ అందకపోతే అది పెద్దది. ఎనిమిదేళ్లకు ఎక్కువగా సగం సైజు సరిపోతుంది. ‘ఎదుగుతారు కదా’ అని పెద్దది కొంటే మణికట్టు వంగిపోయి నాలుగో వేలు అందదు, ఆ అలవాటు మాన్పించడం కష్టం. ఎదిగే కొద్దీ సైజు మారుతుంది కాబట్టి కొనొద్దు, మా దగ్గర నెలకు ₹300 అద్దెకు ఇస్తాం. కీబోర్డు అయితే 61 మీటలున్నదే కొనండి. చిన్న మీటల బొమ్మ కీబోర్డు మీద వేళ్ల ఎడం తప్పుగా అలవాటవుతుంది.

ఫీజు: కీబోర్డు నలుగురి బ్యాచ్, నెలకు ₹1,800, టర్మ్ మొత్తం ఒకేసారి అయితే ₹4,800. గాత్రం, మృదంగానికీ ఇదే. వయొలిన్, వీణ ఇద్దరి బ్యాచ్, నెలకు ₹2,600, టర్మ్‌కు ₹7,200. నాలుగు వయొలిన్లు శ్రుతి చేయడానికే పది నిమిషాలు పైగా పోతాయి, అందుకే ఇద్దరినే పెడతాం.

నెలవారీ మేలా, టర్మ్ మేలా అంటే, కొత్తగా చేరేవాళ్లకు నెలవారీనే మేలు. కీబోర్డు లెక్కే చూడండి. మూడు నెలలూ విడివిడిగా కడితే ₹5,400, అంటే ₹600 ఎక్కువ. ఒకేసారి కట్టి నెలకే మానేస్తే టర్మ్ ఫీజు వెనక్కి ఇవ్వం కాబట్టి ₹3,000 పోతుంది. రెండో టర్మ్‌కు వచ్చే పిల్లలకు ఒకేసారి కట్టడమే లాభం.

డెమో క్లాసు ఉచితం, 30 నిమిషాలు, ప్రతి శనివారం ఉదయం 10 గంటలకు. తంబూరా పెట్టి ‘స ప స’ పాడిస్తాం, ఆదితాళం 8 అక్షరాలు వేయిస్తాం, చివర రెండు వాయిద్యాలూ చేతికిస్తాం. షడ్జమం కలపలేని పిల్లలకు వయొలిన్ వెంటనే వద్దంటాం. ఒక టర్మ్ గాత్రం చేసి వస్తే, అదే వయొలిన్‌కు దగ్గరి దారి. శ్రుతి కలిసి, గరగరకు విసుక్కోకుండా మళ్లీ కమాను అందుకుంటే వయొలిన్‌కే మా ఓటు.

డెమోకు ముందు ఏ వాయిద్యమూ కొనకండి. ఎడమచేతి గోళ్లు పొట్టిగా కత్తిరించి తీసుకురండి, లేకపోతే వేలికొన తీగ మీద సరిగా ఆనదు.