వారానికి ఆరు గంటలే ఉంటే ఏ కామిక్ సిరీస్ మేలు?

ఉద్యోగం చేసుకుంటూ బొమ్మలు వేసే నాకు వారంలో దొరికేది ఆరు గంటలు. ఐదు ప్యానెళ్ల పేజీ ఒకటి, పెన్సిల్ నుంచి ఇంకు, అక్షరాల దాకా, పూర్తి చేయడానికి అంతా పట్టేస్తుంది. మూడు ప్యానెళ్ల స్ట్రిప్ అయితే రెండు గంటల్లో అయిపోతుంది. ఏళ్ల తరబడి నడిచే సొంత సిరీస్ కోసం మూడు ఐడియాలు రాసుకుని, వాటిని ఈ ఆరు గంటల ముందు నిలబెట్టి చూశాను.

మొదటిది పెద్ద గ్రాఫిక్ నవల. ప్రాజెక్టు కింద మునిగిపోయిన ఊరు, దాని ఆనవాళ్లు వెతుక్కుంటూ వచ్చే మనవడు, 120 పేజీలు. కథగా నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. కానీ వారానికి ఒక పేజీ చొప్పున రెండేళ్ల పైనే పడుతుంది, ఆలోగా మన చెయ్యి మారిపోతుంది. ఇంతకుముందు ఇలాంటిదే ఒకటి మొదలుపెట్టి 31వ పేజీ దగ్గర ఆపేశాను. అప్పటికి హీరో ముక్కూ దవడా మొదటి పేజీలో ఉన్నట్టు లేవు. మొదటి పది పేజీలు మళ్లీ వేద్దామని కూర్చున్నాను, 32వ పేజీ ఇక రాలేదు. ప్రతి పాత్రనీ ఎదురుగా, పక్క నుంచి, ఓరగా వేసి, పక్కపక్కన నిలబెట్టి ఎత్తులు పోల్చిన షీటు ఎదురుగా అంటించుకుంటే ఈ మార్పు తగ్గుతుంది, పూర్తిగా ఆగదు. పైగా వారానికొక పేజీ చదివేవాళ్లకు ఒక్క పేజీలో కథ కదిలినట్టే అనిపించదు.

రెండోది అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ స్ట్రిప్. గేటు, కుర్చీ, లిఫ్టు తలుపు తప్ప బ్యాక్‌గ్రౌండ్ అక్కర్లేదు. అమెరికన్ కార్టూనిస్టు చార్లెస్ షుల్జ్ తన పీనట్స్ స్ట్రిప్‌ని 1950 నుంచి 2000 వరకు సహాయకులు లేకుండా ఒక్కడే గీశాడు, కాబట్టి ఈ రూపం ఎంతకాలమైనా నిలబడుతుంది. అయితే వారానికి మూడు వేసినా ఏడాదికి 150 పైచిలుకు కావాలి. అన్ని జోకులు ఎవరి దగ్గరా ఉండవు, పాత్రల స్వభావాల్లోంచి పుట్టాలి. పరీక్షగా, ఆగిపోయిన లిఫ్టు ముందు వాచ్‌మన్‌నీ, అసోసియేషన్ సెక్రటరీనీ, ఇస్త్రీ అతన్నీ నిలబెట్టి ఎవరేమంటారో రాశాను. ముగ్గురూ ఒకేలా మాట్లాడారు. పాత్రలు ఇంకా తయారు కాలేదని తెలిసిపోయింది.

మూడోది నైట్ హాల్ట్ బస్సు. రాత్రి చివరి ట్రిప్పుకి పల్లెకి వచ్చి, అక్కడే ఆగి, తెల్లవారుజామున మళ్లీ పట్నానికి బయల్దేరే ఆర్టీసీ బస్సు. డ్రైవరూ కండక్టరూ ఎప్పుడూ ఉంటారు, ఎక్కే మనుషులు మారుతుంటారు. చందమామలో బేతాళ కథలు దశాబ్దాలు నడిచింది ఇలాంటి చట్రం వల్లే. శవాన్ని భుజాన వేసుకున్న విక్రమార్కుడు, చివర్లో ప్రశ్న, మళ్లీ చెట్టు. చట్రం మారదు కాబట్టి లోపలి కథ ఎంతైనా మారవచ్చు.

బొమ్మ గీయకముందే పది ఎపిసోడ్లు ఒక్కో వాక్యంలో రాసి చూడాలి. మునిగిన ఊరి కథకు నాలుగు దగ్గరే ఆగిపోయాను, ఎందుకంటే అది ఒకే కథ. బస్సుకు పదకొండు వచ్చాయి. పెళ్లికి మేకపోతుతో ఎక్కినవాడు, పరీక్ష రాయకుండానే తిరిగొస్తున్న అమ్మాయి, టికెట్ కొననని పట్టుబట్టిన పెద్దాయన... నెలకు నాలుగు పేజీలు, నాలుగు పేజీల్లో ఒక కథ ముగుస్తుంది. మధ్యలో ఒక నెల ఆగినా పాఠకుడికి ఏమీ తెగినట్టుండదు. చెయ్యి మారినా పాత ఎపిసోడ్ జోలికి వెళ్లక్కర్లేదు.

కష్టం లేకపోలేదు. బస్సు లోపలి సీట్ల వరసలు పర్‌స్పెక్టివ్‌లో వేయడం విసుగు పుట్టిస్తుంది. అందుకని బస్సును నాలుగు మూలల నుంచి ఒక్కసారి జాగ్రత్తగా గీసి పెట్టుకున్నాను. ఎపిసోడ్‌కి ఒకే ఒక్క పెద్ద ప్యానెల్లో బస్సంతా చూపిస్తాను, మిగతావన్నీ ముఖాలు, చేతులు, కిటికీ చువ్వలు.

మూడు ఐడియాలకీ ఒకటే వర్తించే విషయం అక్షరాలు. ఒత్తులు కిందికి, గుళ్లు పైకి వెళ్తాయి కాబట్టి తెలుగు వరసల మధ్య ఇంగ్లిష్ కన్నా ఎక్కువ ఖాళీ వదలాలి. బొమ్మ అయ్యాక మాటలు ఇరికిస్తే ‘స్త్రీ’లో ఒత్తు కింది వరసకు తగులుతుంది. నేను ముందు మాటలు రాసి, బెలూన్ గీసి, మిగిలిన చోటే మనుషులకు ఇస్తాను. బెలూన్‌లో పన్నెండు మాటలు దాటితే రెండుగా విడగొడతాను.

అందుకే బస్సుకే ఓటేశాను. ఒక్కటే ఇంకా తేల్చుకోవాలి. కండక్టర్ కూతురు మొదటి ఎపిసోడ్‌లో ఆరో తరగతి. ఎపిసోడ్లతో పాటు ఆమె పెరగాలా, ఎప్పటికీ ఆరో తరగతిలోనే ఉండాలా? పెరిగితే ఏటా కొత్త షీటు గీయాలి. అయినా పెరగనిద్దామనే ఉంది. మునిగిన ఊరు వాళ్ల అమ్మమ్మదే అయితే, ఆ కథను ఆమె పెద్దయ్యాక ఒక్కో ఎపిసోడ్‌లో కొంచెం కొంచెంగా చెప్పొచ్చు.