సిప్ కాలిక్యులేటర్: 20 ఏళ్ల గీటు మీద 50 లక్షలు, నా పదేళ్ల అనుభవం

2014 ఏప్రిల్‌లో మా పాపకి రెండేళ్లు. నెలకు 5,000 చొప్పున నిఫ్టీ ఇండెక్స్ ఫండ్‌లో సిప్ మొదలుపెట్టే ముందు రోజు రాత్రి ఒక వెబ్‌సైట్‌లో సిప్ కాలిక్యులేటర్ తెరిచాను. అందులో పక్కకి జరిపే మూడు గీట్లు: నెలకు ఎంత, రాబడి ఎంత శాతం, ఎన్నేళ్లు. 5,000, 12 శాతం, 20 ఏళ్లు పెట్టాను. కట్టేది 12 లక్షలు, వచ్చేది 49,95,740 అని చూపించింది. అంతే, ఫిక్స్ అయిపోయాను. ఆ కాలిక్యులేటర్‌ని ఇప్పటికీ వాడుతున్నాను. అది ఎక్కడ పనికొచ్చిందో, ఎక్కడ పప్పులో కాలేయించిందో చెప్తాను.

మొదటి దెబ్బ మా ఆవిడ కొట్టింది. స్క్రీన్ చూపిస్తే, "ఇరవై ఏళ్లంటే పిల్లకి ఇరవై రెండు కదండీ, కాలేజీ ఫీజు అప్పుడు కడతామా?" అంది. నిజమే. ఇంటర్ అయ్యేసరికి పద్దెనిమిది, అంటే నా చేతిలో ఉన్నది 16 ఏళ్లే. ఏళ్ల గీటుని 20 నుంచి 16కి లాగాను. 50 లక్షలు కాస్తా 29 లక్షల 7 వేలయింది. నేను కట్టేది తగ్గింది 2 లక్షల 40 వేలే, చివర చేతికొచ్చేది తగ్గింది దాదాపు 21 లక్షలు.

ఈ కాలిక్యులేటర్ మొత్తంలో నాకు ఎక్కువ ఉపయోగపడింది ఈ ఒక్క కదలికే. అందరం రాబడి గురించే కొట్టుకుంటాం, 12 వస్తుందా 10 వస్తుందా అని. 20 ఏళ్లకి 10 శాతమే వేసి చూసినా 38 లక్షల 28 వేలు వస్తుంది. అంటే 12 శాతంతో 16 ఏళ్ల కంటే 10 శాతంతో 20 ఏళ్లే ఎక్కువ. పోయిన ఆ నాలుగేళ్లని డబ్బుతో పూడ్చాలంటే ఎంతవుతుందో కూడా చూశాను. 16 ఏళ్లలోనే 50 లక్షలు కావాలంటే నెలకు సుమారు 8,600 కట్టాలి. అప్పటి నా జీతానికి అది కుదరదు. లక్ష్యమే 29కి దించుకున్నాను.

రెండో సంగతి నాకు తెలియడానికి మూడేళ్లు పట్టింది. ఇంకో సైట్‌లో అవే అంకెలు, అదే 12 శాతం, అవే 20 ఏళ్లు వేస్తే 45 లక్షల 99 వేలు చూపించింది. నాలుగు లక్షల తేడా! ఏదో ఒకటి తప్పనుకున్నాను. ఎక్సెల్‌లో చివరికి ఎంతవుతుందో చెప్పే FV ఫార్ములాతో కూర్చుని తిప్పలు పడితే అర్థమయింది.

```
=FV(12%/12, 240, -5000, 0, 1)
=FV(1.12^(1/12)-1, 240, -5000, 0, 1)
```

మొదటిది 12ని పన్నెండుతో భాగించి నెలకు 1 శాతం అంటుంది. నెలకు 1 శాతం చక్రవడ్డీ లెక్కన ఏడాదికి 12.68 శాతం అవుతుంది. అంటే 12 అని రాసి 12.68 వేస్తున్నట్టు. రెండోది ఏడాదికి సరిగ్గా 12 వచ్చేలా నెల రేటు తీస్తుంది, అది సుమారు 0.95 శాతం. ఫండ్ వాళ్లు చెప్పే రాబడులు, మన వాయిదాల తేదీలన్నీ చూసి స్టేట్‌మెంట్‌లో వేసే రాబడి XIRR ఏడాది లెక్కలే కాబట్టి వాటితో పోల్చుకోవాలంటే రెండోదే సరైనది. ఈ తేడా కూడా ఏళ్లతో పాటు పెరుగుతుంది. పదేళ్లకి 42 వేలు లోపే, అందుకే ఎవరూ పట్టించుకోరు. మీ కాలిక్యులేటర్ ఏ రకమో తెలుసుకోవాలంటే 5,000, 12, 20 వేసి చూడండి. 49.96 లక్షలు వస్తే మొదటి రకం. రెండో లెక్కన నా 16 ఏళ్ల 29 లక్షలు 27 లక్షల 29 వేలకి దిగింది.

ఇక అసలు పరీక్ష 2020 మార్చి 23న. ఆ రోజు సెన్సెక్స్ ఒక్క రోజులో 3,900 పాయింట్లకు పైగా పడింది. అప్పటికి నేను 72 వాయిదాలు, అంటే 3 లక్షల 60 వేలు కట్టాను. పాత కాలిక్యులేటర్ ప్రకారం ఆరేళ్లకి 5 లక్షల 28 వేలు ఉండాలి. యాప్‌లో చూస్తే 3 లక్షల 20 వేలు కూడా లేవు. ఆరేళ్ల కష్టం, కట్టిన అసలు కూడా లేదు! మా ఆవిడ ఏమీ అనలేదు, అదే ఎక్కువ టెన్షన్. (చీటీ వేసుంటే ఈపాటికి పాడేసుకుని గోడ కట్టించేవాళ్లం అని మాత్రం తర్వాత ఓ రోజు అంది.) ఆపలేదు. అందులో నా ధైర్యమేమీ లేదు, బ్యాంకులో ఆటో డెబిట్ రద్దు చేయడానికి బద్ధకించాను. 2024 మార్చి చివరికి 120 వాయిదాలు పూర్తయ్యేసరికి 6 లక్షలకి 12 లక్షల 80 వేల దాకా వచ్చింది. కాలిక్యులేటర్ చెప్పిన 11 లక్షల 62 వేలని దాటేసింది.

అప్పుడు సంతోషించాను కానీ, లెక్క వేసుకుంటే భయం కూడా వేసింది. కాలిక్యులేటర్ గీసే గీత నున్నగా పైకి పోతుంది, ఏ ఏడాది పడినా ఒకటే అన్నట్టు. అది నిజం కాదు. ఆరో ఏట దాని అంచనా 5.28 లక్షల మీద 30 శాతం పడితే పోయేది లక్షా 60 వేలు, అంటే 32 వాయిదాలు. రెండేళ్ల ఎనిమిది నెలలు కడితే పూడుతుంది. అదే 20 ఏళ్ల ప్లాన్‌లో 19వ ఏట, 43 లక్షల 77 వేల మీద 30 శాతం పడితే పోయేది 13 లక్షలు. అది 260కి పైగా వాయిదాలు, దాదాపు 22 ఏళ్లు కట్టాల్సిన డబ్బు. ఎక్కువ ఏళ్లు ఉండటం వల్ల వచ్చే లాభమంతా చివరి ఏళ్లలోనే ఉన్నట్టు, పడితే పోయేది కూడా అక్కడే. మొదట్లో పడితే చవగ్గా యూనిట్లు వస్తాయి, చివర్లో పడితే కొనడానికి వాయిదాలు మిగలవు. ఇది ఏ గీటులోనూ కనపడదు.

అందుకే ఇప్పుడు ఆ మూడు గీట్ల కాలిక్యులేటర్‌ని కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి చూపించడానికే వాడుతున్నాను. నాకోసం ఏటా ఏప్రిల్‌లో ఎక్సెల్‌లో ఒక్క వరుస రాసుకుంటాను. చేతిలో ఉన్న విలువ, మిగిలిన నెలలు, తక్కువ రాబడి. 2024 ఏప్రిల్‌లో రాసింది ఇదీ:

```
=FV(1.1^(1/12)-1, 72, -5000, -1280000, 1)
```

10 శాతం అయితే 27 లక్షల 55 వేలు. ఇందులో రాబోయే 72 వాయిదాల వాటా 4 లక్షల 88 వేలే, మిగతాదంతా ఉన్న డబ్బు పెరగడం వల్ల వచ్చేదే. 6 శాతం వేస్తే 22 లక్షల 48 వేలకి పడిపోయింది. ఇక నెలకు 5,000 కట్టడం మానినా పెద్దగా మునిగేది లేదు, ఉన్నది కాపాడుకోవడమే పని.

2027 ఏప్రిల్ నుంచి ఏటా కొంత తీసి ఎఫ్‌డీలోకి మార్చాలని అనుకుంటున్నాం. ఒకేసారి 2030లో తీస్తే లాభం మీద పన్ను కూడా ఒక్క ఏడాదిలోనే పడుతుంది. 2024 జులై 23 నుంచి ఈక్విటీ ఫండ్లలో దీర్ఘకాలిక లాభం ఏడాదికి లక్షా 25 వేలు దాటితే, దాటిన దాని మీద 12.5 శాతం. విడతలుగా తీస్తే ప్రతి ఏడాదీ ఆ లక్షా పాతికవేలు వాడుకోవచ్చు. ఈ పన్ను కూడా కాలిక్యులేటర్ లెక్కలో లేదు. షీట్‌లో పక్కన ఇంకో గడి పెట్టుకుని చేత్తోనే తీసేస్తున్నాను.