లేహ్‌లో తలనొప్పి, వికారం, ఆయాసం: ఎక్కడ బస చేస్తే తేలికైంది, ఎక్కడ కష్టమైంది

లేహ్ వెళ్లొచ్చినవాళ్లు ముందు పాంగాంగ్ సరస్సు గురించో ఖర్దుంగ్ లా కనుమ గురించో చెబుతారు. నేను మాత్రం బస సంగతితో మొదలుపెడతాను, ఎందుకంటే అక్కడ ఏ రాత్రి ఎంత ఎత్తులో పడుకున్నామన్నదాన్ని బట్టే మా ట్రిప్ అంతా నడిచింది. పగలు ఎంత పైకి వెళ్లొచ్చినా శరీరం కొంతవరకు ఓర్చుకుంటుంది, కానీ రాత్రి పడుకునే ఎత్తు దగ్గర మాత్రం రాజీ పడదు.

ఢిల్లీ సముద్ర మట్టానికి రెండు వందల మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంటుంది, లేహ్ సుమారు 3,500 మీటర్లు. ఫ్లైట్‌లో గంటన్నర కూడా పట్టదు. దిగగానే ఏమీ అనిపించదు, అసలు చిక్కంతా అక్కడే ఉంది. ఎత్తు పడకపోవడం వల్ల వచ్చే జబ్బు, అంటే మౌంటెన్ సిక్‌నెస్ లక్షణాలు ఎత్తుకి వచ్చిన ఆరు నుంచి పన్నెండు గంటల్లో మొదలవడం మామూలు, ఈలోపు చల్లగాలి, నీలాకాశం చూసి "మనకేం కాలేదు" అనుకుని తిరిగేస్తాం. మా బావ రోజూ పరిగెత్తే మనిషి, మాలో అందరికంటే ఫిట్. మధ్యాహ్నమే శాంతి స్తూపం మెట్లెక్కి వచ్చాడు. రోజూ వ్యాయామం చేసే అలవాటు ఈ జబ్బు నుంచి కాపాడదు, పైగా అలాంటివాళ్లే మొదటి రోజు ఎక్కువ తిరిగి ఎక్కువ ఇబ్బంది పడతారు.

సాయంత్రం చీకటి పడేసరికి బావకి కణతల దగ్గర పోట్లు మొదలయ్యాయి. వంగితే ఇంకా ఎక్కువ. కాసేపటికి వికారం, తిండి వాసన కూడా పడలేదు. "పొద్దుట్నుంచీ సరిగ్గా తినలేదుగా, గ్యాస్ పట్టినట్టుంది" అన్నాడు. చాలామంది ఇలాగే గ్యాస్ అనో, ప్రయాణపు అలసట అనో, ఎండ తగిలిందనో అనుకుని పైకి ప్రయాణం కొనసాగిస్తారు. ఒకటే గుర్తుపెట్టుకోండి: కొత్తగా ఎత్తుకి వచ్చాక తలనొప్పి వచ్చి, దానికి తోడు వికారమో, కళ్లు తిరగడమో, విపరీతమైన నీరసమో ఉంటే, వేరే కారణం తేలేదాకా దాన్ని మౌంటెన్ సిక్‌నెస్ అనే అనుకోవాలి.

మొదటి రాత్రి మేం దిగిన హోటల్ బజారుకి దగ్గర, గదులు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్లు ఉన్నాయి. కానీ మాకిచ్చిన గది మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. ప్రతి అంతస్తుకీ ఆగి ఊపిరి పీల్చుకోవాల్సి వచ్చింది. బుకింగ్‌లో "ఆక్సిజన్ సౌకర్యం కలదు" అని రాశారు. రాత్రి అడిగితే సిలిండర్ తెచ్చారు, దానికి మాస్క్ లేదు, మీటర్ ఎలా తిప్పాలో అక్కడ ఎవరికీ తెలియదు. అందుకే లేహ్‌లో బస చూసుకునేటప్పుడు గదిలోంచి కనిపించే కొండల కంటే ముందు గ్రౌండ్ ఫ్లోర్ గది అడగండి, సిలిండర్ ఉందా అని కాకుండా "దాన్ని వాడటం రాత్రిపూట ఎవరికి తెలుసు" అని అడగండి.

ఆ రాత్రి బావ నిద్రపోయినట్టే పోయి, ఊపిరి ఆగిపోయినట్టయి ఉలిక్కిపడి లేచేవాడు. అక్క పక్కన కూర్చుని చూస్తే, వరసగా గట్టిగా ఊపిరి తీసుకుంటున్నాడు, తర్వాత కొన్ని సెకన్లు అసలు ఊపిరే లేదు, మళ్లీ ఒక్కసారిగా పెద్ద శ్వాస. అక్కకి టెన్షన్ వచ్చేసింది. చూసేవాళ్లకి భయంగా ఉంటుంది గానీ, ఎత్తులో నిద్రలో ఇలా జరగడం చాలా మామూలు. ఇది ఎందుకు వస్తుందో తెలిస్తే ఈ జబ్బు మొత్తం అర్థమవుతుంది.

పైన గాలిలో ఆక్సిజన్ శాతం తగ్గదు, అక్కడా ఇరవై ఒక్క శాతమే. తగ్గేది గాలి ఒత్తిడి. లేహ్‌లో ఒక్కో శ్వాసకి మనకి అందే ఆక్సిజన్ సముద్ర తీరంతో పోలిస్తే మూడింట రెండు వంతులు. ఆ లోటు పూడ్చుకోవడానికి శరీరం వేగంగా ఊపిరి తీసుకోవడం మొదలుపెడుతుంది. అలా చేస్తే బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా బయటికి పోయి రక్తంలో ఆమ్లం తగ్గుతుంది, దాంతో మెదడు "ఇక చాలు" అని శ్వాసకి బ్రేక్ వేస్తుంది. ఒకవైపు ఆక్సిజన్ చాలడం లేదు, ఇంకోవైపు బ్రేక్ పడుతోంది. నిద్రలో ఈ రెండిటి మధ్య లాగులాటే ఆ ఆగి ఆగి వచ్చే శ్వాస. కిడ్నీలు రక్తంలో ఎక్కువైన బైకార్బొనేట్‌ని మూత్రంలో పంపేశాక ఆ బ్రేక్ వదులుతుంది, దానికి కొన్ని రోజులు పడుతుంది. లేహ్‌లో మొదటి 48 గంటలు కదలకుండా విశ్రాంతి తీసుకోమని చెప్పేది ఇందుకే. అసెటాజోలమైడ్, అంటే డయామాక్స్ పేరుతో దొరికే మాత్ర, చేసేది కూడా కిడ్నీల చేత ఆ పనిని త్వరగా చేయించడమే. తలనొప్పిని కప్పిపెట్టే మందు కాదది.

మర్నాడు పొద్దున్నే ఊరి పైభాగంలో చంగ్‌స్పా వైపు ఒక హోమ్‌స్టేకి మారాం. గది చిన్నది, బాత్‌రూమ్ పాతది, కానీ అన్నీ కిందే ఉన్నాయి, ఎక్కాల్సిన మెట్టు లేదు. ఇంటావిడ బావ ముఖం చూడగానే సామాను పక్కన పెట్టించి మంచం మీద కూర్చోబెట్టింది. వేలికి ఆక్సీమీటర్ పెడితే 81 చూపించింది, అక్క ముఖం పాలిపోయింది. ఆవిడ కంగారు పడలేదు, బావ వేళ్లు పట్టుకుని చూసి "చల్లగా ఉన్నాయి, ఇది నమ్మకూడదు" అని హిందీలో చెప్పి, చేతులు దుప్పట్లో పెట్టించి కాసేపాగి మళ్లీ చూసింది. 86. కొత్తగా వచ్చినవాళ్లకి ఆ ఎత్తులో ఎనభైల్లో ఉండటం అరుదేం కాదు. ఆ అంకె ఒక్కటే చూసి భయపడకూడదు, ధీమాగానూ ఉండకూడదు. మనిషి ఎలా ఉన్నాడో చూడాలి.

ఆవిడ చూసిన పద్ధతి నాకు బాగా నచ్చింది. గచ్చు మీద గీత చూపించి, ఒక పాదం మడమని ఇంకో పాదం వేళ్లకి ఆనిస్తూ దాని మీద నడవమంది. బావ తూలకుండా నడిచాడు. తాగినవాడిలా తూలితే, లేదా మాట తడబడి, అడిగినదానికి సంబంధం లేని జవాబు చెబితే మెదడులో వాపు మొదలైనట్టే. తర్వాత ఊరికే కూర్చున్నప్పుడు ఆయాసం ఉందా అని అడిగింది. మెట్లెక్కితే ఆయాసం రావడం అక్కడ అందరికీ మామూలే. కదలకుండా కూర్చున్నా ఆయాసం తగ్గకపోవడం, పడుకుంటే ఎక్కువవడం, విడవని దగ్గు, నురగతో గులాబీ రంగు కఫం, ఇవి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందనడానికి గుర్తులు. ఇది మొదటి రోజు కాకుండా సాధారణంగా రెండో రాత్రి, ఆ తర్వాత బయటపడుతుంది, ముందు తలనొప్పి లేకుండా కూడా రావచ్చు. ఈ రెండిట్లో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకూడదు. ఆక్సిజన్ పెట్టి ఆసుపత్రికి, వీలైనంత త్వరగా కిందికి.

బావకి అవేవీ లేవు కానీ వాంతులు ఆగలేదు కాబట్టి ఊళ్లో ఆసుపత్రికి తీసుకెళ్లాం. పర్యాటకుల్లో ఇది రోజూ చూసే జబ్బే కాబట్టి అక్కడ పని చకచకా జరిగింది. కాసేపు ఆక్సిజన్ పెట్టారు, సల్ఫా మందులు పడవా అని అడిగి తెలుసుకుని డయామాక్స్ 250 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు రాశారు, తలనొప్పికి పారాసిటమాల్ ఇచ్చారు. తగ్గేదాకా పైకి వెళ్లొద్దు, నిద్రమాత్రలు, మద్యం ముట్టుకోవద్దు అన్నారు. మర్నాటికి తల తేలికపడింది, ఆకలి వేసింది. నేను బయల్దేరే ముందు రోజు నుంచి డాక్టర్ సలహాతో 125 మిల్లీగ్రాముల మాత్ర పూటకొకటి చొప్పున రోజుకి రెండు వేసుకున్నాను. వేళ్ల చివర్లు తిమ్మిరిగా అనిపించాయి, మాటిమాటికీ బాత్‌రూమ్‌కి వెళ్లాల్సి వచ్చింది, అంతే.

బజార్లో అమ్మే చిన్న ఆక్సిజన్ డబ్బాల గురించి చాలామంది అడుగుతారు. వాటిలో ఉండేది కొద్ది నిమిషాలకే సరిపోతుంది. పీల్చినంతసేపు బాగున్నట్టుంటుంది, తర్వాత మళ్లీ మామూలే. దాన్ని నమ్ముకుని పైకెళ్లడం ప్రమాదం. కర్పూరం వాసన చూస్తే ముక్కు తెరుచుకున్నట్టు అనిపిస్తుందే తప్ప రక్తంలో ఆక్సిజన్ పెరగదు.

ఇక మాకు ప్యాకేజీ ఇచ్చినవాళ్లు వేసిన ప్లాన్: రెండో రోజే ఖర్దుంగ్ లా మీదుగా నుబ్రా లోయ, మర్నాడు పాంగాంగ్. "మాత్ర వేసుకుంటే ఏం కాదండీ" అని ఫోన్‌లో నచ్చజెప్పబోయారు. మేం ఒప్పుకోలేదు. లేహ్‌లో కుదుటపడ్డాక ముందు ఆల్చి వైపు వెళ్లాం. అది లేహ్ కంటే సుమారు నాలుగు వందల మీటర్లు కింద. ఆ రాత్రి బావ పూర్తిగా నిద్రపోయాడు. మళ్లీ వెళ్తే నేను విమానాశ్రయం నుంచి నేరుగా ఆల్చికే వెళ్లి మొదటి రాత్రులు అక్కడే ఉంటాను.

తర్వాత నుబ్రా. దారిలో ఖర్దుంగ్ లా దాదాపు 5,360 మీటర్లు, అక్కడ ఫొటో తీసుకుని వెంటనే దిగిపోవాలి, కబుర్లు చెప్పుకుంటూ కూర్చునే చోటు కాదది. కానీ పడుకునేది హుందర్‌లో, సుమారు 3,100 మీటర్ల ఎత్తులో, అంటే లేహ్ కంటే కిందే. కాబట్టి కనుమ దాటడం భయంగా అనిపించినా నుబ్రాలో బస తేలిగ్గానే ఉంటుంది.

పాంగాంగ్ అలా కాదు. 4,200 మీటర్ల పైన సరస్సు, ఒడ్డునే టెంట్లు. మూడు వేల మీటర్లు దాటాక పడుకునే ఎత్తుని రాత్రికి 500 మీటర్లకి మించి పెంచొద్దని నియమం, నుబ్రా నుంచి నేరుగా వెళ్తే ఒక్క రోజులో వెయ్యి పైన పెరుగుతుంది. ఇంకో సంగతి ఎవరూ చెప్పరు: అక్కడ అర్ధరాత్రి ఎవరికైనా విషమిస్తే లేహ్‌కి దగ్గరి దారి చాంగ్ లా కనుమ మీదుగానే, అంటే లేహ్ చేరాలంటే ముందు 5,300 పైకి ఎక్కాలి. మేం అందుకే సరస్సు ఒడ్డున పడుకోలేదు. పగలంతా అక్కడ గడిపి, సాయంత్రానికి కొన్ని వందల మీటర్లు కిందున్న తాంగ్‌త్సేలో ఓ ఇంట్లో దిగాం. టెంట్ ముందు సూర్యోదయం లేదు, నిజమే. పిల్లలు, ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్లు మీతో ఉంటే తాంగ్‌త్సేలో పడుకోవడం కూడా వద్దు, లేహ్ నుంచి తెల్లవారుజామున బయల్దేరి రాత్రికి తిరిగొచ్చేయండి.

రోడ్డు మీద వెళ్లేవాళ్లు శ్రీనగర్ దారి ఎంచుకుని కార్గిల్‌లో, 2,700 మీటర్ల దగ్గర్లో, ఓ రాత్రి ఆగితే శరీరానికి మెట్లు మెట్లుగా అలవాటవుతుంది. మనాలి దారిలో మాత్రం సర్చూ టెంట్లలో పడుకోకండి. అది 4,300 మీటర్ల దగ్గర, లేహ్ కంటే చాలా ఎత్తు, దగ్గర్లో ఆసుపత్రి లేదు. కేలాంగ్‌లోనో జిస్పాలోనో ఒకటికి రెండు రాత్రులు ఉండి, సర్చూని పగలే దాటేయండి.