మోకాళ్ళ అరుగుదలకు సల్లకి, పసుపు మాత్రలు: మూడేళ్ళ వాడకం తరువాత

నాకు అరవై దాటాయి. కుడి మోకాలిలో అరుగుదల మధ్యస్థంగా ఉంది. బీపీ మందులు వాడుతున్నాను కాబట్టి నొప్పి మాత్రలు రోజూ వేసుకోవద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. అలా సల్లకి వైపు వచ్చాను. అండుగు చెట్టు బంక నుంచి తీసే సారం ఇది. ఆయుర్వేదంలో సల్లకి అంటారు, సీసాల మీద బాస్వెల్లియా అని రాస్తారు.

ముందు ఫలితం చెబుతాను. మెట్లు దిగేటప్పటి నొప్పికి పదికి ఇన్ని అని మార్కులు వేసి రోజూ రాత్రి డైరీలో రాసుకునేవాడిని. మొదలుపెట్టినప్పుడు ఆరు దగ్గర ఉండేది, రెండో నెల చివరికి నాలుగు దగ్గర నిలిచింది. అంతకు మించి ఎప్పుడూ తగ్గలేదు. నేల మీద బాసిపట్టు వేసుకుని కూర్చోవడం అప్పుడూ కుదరలేదు, ఇప్పుడూ కుదరదు. ఇది నిజంగా మాత్ర పనేనా అని రెండుసార్లు ఆపి చూశాను. రెండుసార్లూ కొన్ని వారాల్లో అంకె మెల్లగా పెరిగింది, మళ్ళీ వేసుకుంటే తగ్గింది. ఒక్క మనిషి డైరీ రుజువు కాదు. వేసుకుంటున్నానన్న నమ్మకమే కొంత నొప్పిని తగ్గిస్తుంది, మోకాలి నొప్పి విషయంలో ఆ ప్రభావం చిన్నదేమీ కాదు.

అందుకే పరీక్షలు ఏం చెప్పాయో వెతికాను. పేరున్న పరీక్షల్లో ఒకటి మన ఏలూరులోనే జరిగింది. ఆశ్రం వైద్య కళాశాలలో 75 మందికి 90 రోజుల పాటు సారం గానీ, ఉత్తుత్తి మాత్ర గానీ ఇచ్చి 2008లో ఫలితం ప్రచురించారు. సారం తీసుకున్నవారికి నొప్పి ఎక్కువగా తగ్గింది. అయితే ఆ సారాన్ని తయారుచేసింది విజయవాడ సంస్థ లైలా ఇంపెక్స్, పరిశోధన పత్రం రాసినవారిలో ఆ సంస్థ వారూ ఉన్నారు. అలాగని తీసిపారేయను గానీ, అమ్మేవారు చేయించిన పరీక్షను ఒక మెట్టు దించే చదువుతాను. వైద్య పరీక్షల ఫలితాలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 2014లో ఇలాంటి చిన్న పరీక్షలను కలిపి చూసి, నొప్పి నూటికి సుమారు 17 పాయింట్ల మేర అదనంగా తగ్గిందని లెక్కగట్టింది. నా డైరీలోని తగ్గుదలా అంతకు దగ్గరలోనే ఉంది. అరిగిన మృదులాస్థి తిరిగి పెరుగుతుందని మాత్రం ఎవరూ నమ్మకంగా చూపలేదు.

కొనేటప్పుడు సీసా ముందువైపు పెద్ద అక్షరాలు కాదు, వెనుక చిన్న అక్షరాలు చదవాలి. బంకలో వాపును అడ్డుకునే ముఖ్య పదార్థాన్ని ఏకేబీఏ అంటారు. ఏలూరులో వాడిన సారంలో అది 30 శాతం. రోజుకు 100 మిల్లీగ్రాములు వేసుకుంటే 30 మిల్లీగ్రాముల ఏకేబీఏ అందుతుంది. మామూలు సారంలో అది మూడు శాతమే ఉందనుకుంటే, 500 మిల్లీగ్రాముల మాత్ర రెండు వేసుకోవాలి అంతకు సరితూగాలంటే. ‘బాస్వెల్లిక్ ఆమ్లాలు 65 శాతం’ అని రాసి ఏకేబీఏ ఊసెత్తని సీసాతో ఈ లెక్క వేయలేం. అలాంటిది నేను కొనను.

పసుపు మాత్ర కథ వేరు. టీస్పూను పసుపులో, అంటే సుమారు మూడు గ్రాములలో, కర్కుమిన్ అనే అసలు పదార్థం వంద మిల్లీగ్రాములకు లోపే ఉంటుంది. అదీ ఒంటికి సరిగా పట్టదు. పాలలో పసుపు వేసుకుని మోకాలు బాగుపడిందనేవారితో వాదించను, రుచికి తాగవచ్చు. ఇక సారం మాత్రల విషయానికొస్తే, ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో 70 మందిపై జరిపి 2020లో ప్రచురించిన పరీక్షలో నొప్పి నూటికి తొమ్మిది పాయింట్లు అదనంగా తగ్గింది, కీలులోని నీరు మాత్రం తగ్గలేదు. నాకు డైరీలో తేడా కనిపించలేదు, మిరియాల సారం కలిపిన రకం వేసుకుంటే విరేచనాలు పట్టుకున్నాయి. మానేశాను. అన్నిటికన్నా నన్ను వెనక్కి లాగింది కాలేయం సంగతి. ఒంటికి బాగా పట్టేలా చేసిన పసుపు మాత్రలతో కొందరికి కామెర్లు వచ్చిన కేసులు అమెరికాలో, ఇటలీలో నమోదయ్యాయి. మూత్రం ముదురు రంగులో వచ్చినా, కళ్ళు పచ్చబడినా ఆ రోజే ఆపి డాక్టరును కలవాలి. రక్తం పలుచబడే మందులు వాడేవారు డాక్టరును అడగకుండా వీటి జోలికే పోకూడదు.

వావిలాకు నీళ్ళ కాపడం హాయిగా ఉంటుంది, ఆ హాయిలో ఎక్కువ భాగం వేడిదే అని నా అనుమానం. అశ్వగంధ, గుగ్గులు విడివిడిగా వాడలేదు.

పొద్దున లేవగానే అరగంటకు మించి కీళ్ళు బిగుసుకుపోవడం, వేళ్ళ కణుపులు వాచడం ఉంటే అది అరుగుదల కాకపోవచ్చు, కీళ్ళవాతం కావచ్చు. అక్కడ మూలికలతో నెలలు గడిపితే కీలు పాడవుతుంది.

నేను సల్లకి ఒక్కటే కొనసాగిస్తున్నాను, భోజనం తరువాత వేసుకుంటే మంట ఉండదు. నెలకు ఏడెనిమిది వందలు అవుతుంది. తొడ ముందు కండరానికి ఫిజియోథెరపిస్టు నేర్పిన వ్యాయామం, కాలు చాపి ఎత్తి పట్టడం, పైసా ఖర్చు లేకుండా అంతకన్నా ఎక్కువే ఇచ్చింది. రెండు నెలలు వాడినా డైరీలో అంకె కదలకపోతే మూడో సీసా కొనకండి.